సూర్యోదయపు పల్లె దృశ్యం: యాత్రికుడికి ఏ వివరణ, ఎడిటర్‌కు ఏ వివరణ?

లోయ నిండా పరుచుకున్న పొగమంచు, దాని పైకి తేలిన రెండు మూడు గుట్టలు, ఒక గుట్ట మీద ఒంటరి ఇల్లు, ఆ వెనుక అప్పుడే పైకి వస్తున్న సూర్యుడు. తెల్లవారుజామున డ్రోన్ ఎగరవేసే అలవాటున్నవారి దగ్గర ఇలాంటి క్లిప్‌లు పదుల సంఖ్యలో ఉంటాయి. వాటికి పెట్టే పేర్లు కూడా ‘ప్రశాంత ప్రభాతం’, ‘ప్రకృతి ఒడిలో ఉదయం’ అన్న తీరులోనే ఉంటాయి. దృశ్యాన్ని చూసినవారికి ఆ పేర్లు నచ్చవచ్చు. కానీ దాన్ని ఇంకా చూడనివారు, అంటే వెతుకుతున్నవారు, ఆ మాటలను టైపు చేయరు.

వెతికేవారిలో ముఖ్యంగా రెండు రకాలవారు ఉంటారు. యాత్రికుడు వెళ్ళబోయే చోటును ముందుగా చూసుకోవాలనుకుంటాడు. అది ఎక్కడుంది, ఏ నెలలో వెళితే పొలాలు ఈ రంగులో కనిపిస్తాయి, ఎన్ని గంటలకు అక్కడ ఉండాలి అన్నవే అతని ప్రశ్నలు. ఎడిటర్ సంగతి వేరు. అతని టైమ్‌లైన్‌లో ఆరేడు సెకన్ల ఖాళీ ఉంటుంది, దానికి ముందూ వెనుకా ఉన్న షాట్‌లు అప్పటికే తేలిపోయి ఉంటాయి. కెమెరా ముందుకు సాగుతోందా, వెనక్కి వస్తోందా, సూర్యుడు ఫ్రేములో ఏ పక్కన ఉన్నాడు, సెకనుకు ఎన్ని ఫ్రేములు, రంగు దిద్దారా లేదా అన్నవి తెలియకపోతే ఎంత అందమైన క్లిప్ అయినా అతను దాన్ని పక్కన పెట్టేస్తాడు. ఒకే వివరణ ఈ ఇద్దరికీ సమానంగా పనికిరాదు. ఎవరి కోసం ఏది ముందు రాయాలి, ఏది వెనక్కి నెట్టాలి, ఏది అసలు రాయకూడదు అన్నదాన్ని ఒక క్లిప్‌ను ముందు పెట్టుకొని ఇక్కడ పోల్చి చూద్దాం.

ఒకే క్లిప్, మూడు శీర్షికలు

ఉదాహరణకు ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో, సియెనా నగరానికి దక్షిణంగా ఉన్న వాల్ దోర్చా లోయను తీసుకుందాం. 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఈ లోయ మీద డ్రోన్ క్లిప్‌లకు లోటు లేదు, కాబట్టి వివరణలో చిన్న తేడా ఉన్నా ఒకటి కనబడడం, మరొకటి మరుగున పడడం ఇక్కడ తేలికగా తెలుస్తుంది. మన క్లిప్ నిడివి 22 సెకన్లు. మే నెల మధ్యలో తీసినది. సూర్యుడు ఫ్రేముకు కుడి పక్కన అప్పుడే గుట్ట దాటి పైకి వచ్చాడు, కెమెరా పొగమంచు మీదుగా నెమ్మదిగా ముందుకు సాగుతోంది, కింద పచ్చటి గోధుమ చేలు, సైప్రస్ చెట్ల వరుస, దూరంగా ఒక రైతు ఇల్లు ఉన్నాయి. దీనికి మూడు శీర్షికలు రాయవచ్చు.

```
Magical Morning from Above
Val d'Orcia, Tuscany: Misty Sunrise in Mid-May, Drone 4K
Aerial push-in over misty green hills at sunrise, Tuscany, spring
```

మొదటి శీర్షికలో సూర్యోదయం అన్న మాట కూడా లేదు, దాన్ని వదిలేయడమే మంచిది. రెండోది యాత్రికుడి కోసం రాసినది. స్థలం పేరు మొదట్లోనే ఉంది, నెల ఉంది, ఏ పూట తీసినదో ఉంది. యూట్యూబ్‌లో శీర్షికకు 100 అక్షరాల వరకు చోటున్నా, ఫోను తెరమీద చివరి భాగం తరచుగా తెగిపోతుంది. అందుకే యాత్రికుడి కంట పడవలసిన స్థలం పేరు ముందు రావాలి, ‘డ్రోన్’, ‘4కె’ లాంటి మాటలు చివరికి పోయినా నష్టం లేదు. మూడోది ఎడిటర్ కోసం. కెమెరా కదలిక ముందు వచ్చింది, తెరమీద కనిపించేది తర్వాత వచ్చింది, స్థలం చివరికి వెళ్ళింది. ఎందుకంటే ఎడిటర్లు చాలాసార్లు ఫలానా లోయ కావాలని వెతకరు, పొగమంచులో పచ్చటి గుట్టలు కావాలని వెతుకుతారు. ఆ గుట్టలు టస్కనీవే కావాలన్న ఎడిటర్‌కు కూడా చివరనున్న ఆ ఒక్క మాట సరిపోతుంది.

నా అభిప్రాయంలో క్లిప్‌ను ప్రయాణ వీడియోగా పెడుతున్నవారు రెండో పద్ధతిని, ఫుటేజ్ లైబ్రరీకి ఇస్తున్నవారు మూడో పద్ధతిని ఎంచుకోవాలి. రెండింటినీ ఒకే శీర్షికలో ఇరికించాలని చూస్తే స్థలం పేరు మధ్యలో చిక్కుకుపోయి, చదవడానికే కష్టమైన వాక్యం తయారవుతుంది. రెండు చోట్లా పెడుతుంటే రెండు శీర్షికలు రాయడానికి పట్టే సమయం రెండు నిమిషాలకు మించదు.

స్థలం: ఎంత కచ్చితంగా చెప్పాలి?

స్థలం విషయంలో ఎంపిక ప్రధానంగా రెండింటి మధ్య ఉంటుంది. ప్రాంతం పేరుతో ఆపేయడం ఒకటి, కెమెరా ఎగిరిన బిందువు వరకు చెప్పడం మరొకటి. యాత్రికుడికి రెండోదే ఎక్కువ ఉపయోగమని మొదట అనిపిస్తుంది. కానీ అతనికి నిజంగా కావలసింది డ్రోన్ ఉన్న చోటు కాదు, తాను నిలబడి చూడగలిగే చోటు. దగ్గరి ఊరి పేరు, ఏ దారి పక్కన, ఏ దిక్కుకు చూస్తే ఈ దృశ్యం కనబడుతుందో చెబితే చాలు. ‘సాన్ క్విరికో దోర్చా ఊరికి సమీపంలో, ఈశాన్యం వైపు చూస్తూ’ అన్న ఒక్క వాక్యం అక్షాంశ రేఖాంశాల కంటే అతనికి ఎక్కువ పని చేస్తుంది, ఎందుకంటే సూర్యోదయం చూడబోయేవాడికి దిక్కే ముఖ్యం.

అక్షాంశ రేఖాంశాలు ఇవ్వదలిస్తే ఎన్ని దశాంశ స్థానాలు ఇస్తున్నామో చూసుకోవాలి. అక్షాంశంలో ఐదు దశాంశాలంటే దాదాపు ఒక మీటరు తేడా వరకు చెప్పినట్టే. మూడు దశాంశాలంటే సుమారు 110 మీటర్లు, రెండంటే సుమారు 1.1 కిలోమీటరు. పల్లె దృశ్యాల్లో చాలాసార్లు ఎవరో ఒకరి ఇల్లు, పెరడు, పశువుల కొట్టం ఉంటాయి. పక్షులు గూళ్ళు కట్టుకున్న చెట్టు ఉండవచ్చు. ఆ బిందువును మీటరు వరకు చూపిస్తే, మరుసటి వారం అక్కడ ఇంకో పది డ్రోన్‌లు ఎగిరే అవకాశం ఉంది. కాబట్టి బయటికి ఇచ్చే వివరణలో రెండు దశాంశాలకు మించవద్దని నా సలహా. కచ్చితమైన సంఖ్య మీ సొంత రికార్డులో ఉంటే చాలు.

పేరు ఏ రూపంలో రాయాలన్నది దీనికంటే పెద్ద చిక్కు. ఒకే లోయను కొందరు `Val d'Orcia` అని, కొందరు `Orcia Valley` అని వెతుకుతారు. ఫోనులో అపాస్ట్రఫీ కొట్టడం ఇష్టంలేనివారు `Val dOrcia` అని కొడతారు. ప్రాంతం పేరు ఇంగ్లీషులో `Tuscany`, ఇటాలియన్‌లో `Toscana`, జర్మన్‌లో `Toskana`. వీటన్నిటినీ శీర్షికలో కుక్కకూడదు. శీర్షికలో చూసేవారికి బాగా తెలిసిన రూపం ఒకటి ఉండాలి, వివరణలోని మొదటి రెండు వాక్యాలలో స్థానిక రూపం సహజంగా కలవాలి, మిగతావి కీవర్డుల్లోకి పోవాలి. అయితే అడోబ్ స్టాక్ లాంటి లైబ్రరీలో 49 కీవర్డులే పెట్టగలం, వాటిలోనూ మొదటి పదికే ఎక్కువ విలువ ఉంటుంది. కాబట్టి ఒకే పేరుకు ఐదు రూపాలు మొదటి పదిలోకి రాకుండా జాగ్రత్తపడాలి. ఆ పది చోట్లలో స్థలానికి రెండు, తెరమీద కనిపించేదానికి నాలుగైదు, వేళకూ ఋతువుకూ చెరొకటి, కదలికకు ఒకటి చాలు.

ఋతువు: పేరు చెప్పాలా, నెల చెప్పాలా, పొలం చెప్పాలా?

వివరణల్లో ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే. చాలామంది ‘వసంతం’ అని ఒక మాట రాసి ముందుకు పోతారు. కానీ ఋతువు పేరు ఒక్కటే ఉంటే అది ఏ అర్ధగోళపు వసంతమో తెలియదు. దక్షిణార్ధగోళంలో అక్టోబరు వసంతం, ఉత్తరాన అదే నెల శరత్తు. నాలుగు ఋతువుల లెక్కే కుదరని ఉష్ణమండలంలో వర్షాకాలమా, పొడి కాలమా అన్నదే దృశ్యాన్ని నిర్ణయిస్తుంది.

కొన్నేళ్ళ కిందట ఒక మిత్రుడు న్యూజిలాండ్ నుంచి పంపిన అక్టోబరు క్లిప్‌కు నేను అలవాటు కొద్దీ `autumn` అని కీవర్డు పెట్టాను. వాలు మీద మేస్తున్న గొర్రెల పక్కన చిన్న చిన్న తెల్లటి చుక్కలు ఉన్నాయి. పెద్ద తెరమీద ఆపి చూస్తే అవి తల్లుల వెంట గెంతుతున్న పిల్లలు. ఒక ఎడిటర్ దాన్ని గమనించి, శరత్కాలపు కథలో అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలు ఎలా ఉంటాయని అడిగారు. అప్పటి నుంచి కీవర్డు రాసేముందు క్లిప్‌ను ఒకసారి ఆపి, నేల మీద ఏమున్నదో చూడడం నాకు నియమమైంది.

అందుకే మూడింటిలో నేను మొదటి స్థానం ఇచ్చేది పొలం స్థితికి. మన లోయలో ఏప్రిల్, మే నెలల్లో గోధుమ చేలు పచ్చగా ఉంటాయి, జూన్‌లో బంగారు రంగుకు తిరుగుతాయి, కోత అయ్యాక మోళ్ళు మిగులుతాయి, వేసవి చివర దున్నిన తర్వాత బంకమట్టి గడ్డలతో నేలంతా బూడిద రంగులో, గోధుమ వన్నెలో కనిపిస్తుంది. మే నెల వీడియో చూసి సెప్టెంబరులో వెళ్ళిన యాత్రికుడికి అక్కడ ఒక్క పచ్చటి గుట్ట కూడా కనబడకపోవచ్చు. వివరణలో ‘మే మధ్యలో, గోధుమ ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు’ అని ఉంటే ఆ నిరాశ కలగదు. ఎడిటర్‌కూ ఇది పనికొస్తుంది. అతను `green wheat field`, `ploughed field`, `stubble` అని వెతకగలడు, ఈ మాటలు ఏ దేశపు ఋతువుల లెక్కతోనూ తప్పు కావు.

నెల రెండో స్థానంలో వస్తుంది, ఇది యాత్రికుడి వివరణలో తప్పనిసరి. ఋతువు పేరు మూడోది, ఎడిటర్ కీవర్డుల్లో తప్పనిసరి. శరత్తుకు బ్రిటన్‌లో `autumn`, అమెరికాలో `fall` అంటారు. రెండో మాటను ఒంటరిగా పెడితే జలపాతాల మధ్య కలిసిపోతుంది, కనుక `fall season` అని రాయడం మేలు. ఏ సంవత్సరం అన్నది కూడా కొందరికి కావాలి. గుట్ట మీద కొత్త కట్టడం లేచిందా, చెట్ల వరుస ఇంకా ఉందా అని చూసుకునే డాక్యుమెంటరీ ఎడిటర్ సంవత్సరం లేని క్లిప్‌ను తీసుకోవడానికి సందేహిస్తాడు.

వేళ: ఉషస్సా, సూర్యోదయమా?

సూర్యుడు క్షితిజానికి 6 డిగ్రీల కింద ఉన్నప్పటి నుంచి క్షితిజాన్ని తాకే వరకు ఉన్న వెలుగును పౌర సంధ్య అంటారు. ఆ సమయంలో నీడలు ఉండవు, నేల నీలంగా, ఆకాశం ఒక అంచున నారింజగా ఉంటుంది. సూర్యుడు పైకి వచ్చిన తరువాత నీడలు పొడవుగా పడతాయి, పొగమంచు అంచులు మెరుస్తాయి. ఈ రెండూ ఒకే ఉదయం అరగంట తేడాలో తీసినవి కావచ్చు, కానీ ఎడిటర్ దృష్టిలో రెండు వేర్వేరు దృశ్యాలు. మొదటిదానికి `dawn` లేదా `blue hour`, రెండోదానికి `sunrise` అని రాయాలి. సూర్యబింబం కనిపించని క్లిప్‌కు సూర్యోదయం అని పెడితే క్లిక్ చేసినవారు రెండు సెకన్లలో వెనక్కి వెళ్తారు. బింబం ఎన్నో సెకనులో ఫ్రేములోకి వస్తుందో కూడా చెప్పగలిగితే ఇంకా మేలు.

ఇక అది ఉదయమేనని నిర్ధారించుకోవడం ఎలా? నెలల తరువాత పాత కార్డు తెరిచినప్పుడు సూర్యోదయమా, సూర్యాస్తమయమా అన్న సందేహం నిజంగానే వస్తుంది. ఫైలులోని సమయాన్ని చూస్తే తేలుతుందనుకుంటాం, కానీ అందులో ఒక మెలిక ఉంది. ఎంపీ4 ఫైలులో తయారైన సమయాన్ని ప్రమాణం ప్రకారం యూటీసీలో రాయాలి, అయితే చాలా కెమెరాలు స్థానిక సమయాన్నే రాసేస్తాయి. మన క్లిప్‌ను ఎగ్జిఫ్‌టూల్‌తో ఇలా చూడవచ్చు.

```
exiftool -CreateDate DJI_0148.MP4
Create Date : 2024:05:14 03:58:12
```

మే మధ్యలో ఆ ప్రాంతంలో సూర్యోదయం స్థానిక సమయం ప్రకారం సుమారు 5:50కి అవుతుంది. వేసవి సమయం అమలులో ఉన్నందున అది యూటీసీ కంటే రెండు గంటలు ముందు. ఫైలులో 03:58 ఉంది, రెండు గంటలు కలిపితే 05:58. చిత్రంలో సూర్యుడు అప్పుడే గుట్ట దాటాడు. రెండూ కుదిరాయి కాబట్టి ఈ డ్రోన్ యూటీసీలోనే రాస్తోందని తేలింది. అదే ఫైలులో 05:58 కనిపిస్తే అది స్థానిక సమయమని అర్థం, దానికి మళ్ళీ రెండు గంటలు కలిపితే ఎనిమిది గంటల వేళ సూర్యోదయం అయినట్టు తప్పుడు వివరణ తయారవుతుంది. `-api QuickTimeUTC` అన్న ఆప్షన్ వాడితే మార్పిడి దానంతటదే జరుగుతుంది గానీ, అది మీ కంప్యూటర్ ఉన్న కాలమండలానికి మారుస్తుంది, చిత్రీకరించిన చోటికి కాదు. ప్రయాణం ముగించుకొని ఇంటికి వచ్చాక వివరణలు రాసేవారు ఇది గుర్తుంచుకోవాలి.

యాత్రికుడి వివరణలో గడియారం సమయం రాయడం మంచిదే, కానీ దానికి తోడు ‘సూర్యోదయం తరువాత పది నిమిషాల లోపు’ అని కూడా రాయాలి. జూన్‌లో వెళ్ళేవారికి 5:58 ఆలస్యం, అక్టోబరులో వెళ్ళేవారికి అది ఇంకా చీకటి. సూర్యోదయంతో పోల్చి చెప్పిన సమయం ఏ నెలకైనా సరిపోతుంది.

కెమెరా వివరాలు: ఏవి చెప్పాలి, ఏవి వదలాలి?

డ్రోన్ మోడల్ పేరు, ఐఎస్ఓ, ఎపర్చర్, షట్టర్ వేగం, ఫిల్టర్ అన్నీ వరుసగా రాసినవారిని తరచుగా చూస్తాం. ఆ సంఖ్యలు నేర్చుకునే చిత్రకారులకు ఆసక్తి కలిగించవచ్చు. యాత్రికుడు వాటిని చదవడు. ఎడిటర్ చదువుతాడు గానీ అతనికి వాటిలో కొన్నే కావాలి. మోడల్ పేరు కంటే కెమెరా ఏం చేస్తోందన్నది అతనికి ముఖ్యం. పైగా వాణిజ్య లైబ్రరీలు బ్రాండు పేర్లను శీర్షికలోనూ కీవర్డుల్లోనూ సాధారణంగా ఒప్పుకోవు. మోడల్ పేరును యూట్యూబ్ వివరణ అడుగున ఒక వరుసలో రాసుకోవడంలో మాత్రం తప్పు లేదు.

కదలికను ముందుగా, ఒకే మాటతో చెప్పాలి. ముందుకు సాగితే `push in`, వెనక్కి వస్తూ దృశ్యాన్ని విప్పితే `pull back` లేదా `reveal`, ఇంటి చుట్టూ తిరిగితే `orbit`, నిలువుగా కిందికి చూస్తే `top down`, కదలకుండా ఒకేచోట నిలిస్తే `static`. ఒకే క్లిప్‌లో మూడు కదలికలు ఉంటే వాటిని ఒక వివరణలో ఏకరువు పెట్టడం కంటే మూడు క్లిప్‌లుగా విడగొట్టడం ఉత్తమం. ఉదాహరణకు వేరొక గుట్టల క్లిప్‌లో మొదటి 14 సెకన్లు ముందుకు సాగి, తరువాత కెమెరా కిందికి వంగితే, ఎడిటర్ వాడేది ఏదో ఒక భాగమే. రెండు ఫైళ్ళుగా ఇస్తే రెండు రకాల వెతుకులాటలకూ దొరుకుతాయి.

తరువాత చెప్పవలసింది రంగు. పొగమంచుతో నిండిన ఉదయపు ఆకాశంలో ఒక వర్ణం మరో వర్ణంలోకి చాలా మెల్లగా కరిగిపోతుంది. 8 బిట్‌లో తీసిన క్లిప్‌కు రంగు దిద్దేటప్పుడు ఆ మెత్తటి మార్పు మెట్లు మెట్లుగా విడిపోయి, ఆకాశంలో పట్టీలు కనిపిస్తాయి. అందుకే `10-bit` అన్న మాట ఈ రకం దృశ్యానికి మామూలు కంటే ఎక్కువ విలువైనది. క్లిప్ లాగ్‌లో ఉందా, రంగు దిద్ది సాధారణ రెక్ 709కు మార్చారా అన్నది కూడా స్పష్టంగా ఉండాలి. లాగ్ క్లిప్‌ను అలా అని చెప్పకుండా పెడితే, చూసినవారు దాన్ని వెలసిపోయిన చిత్రం అనుకొని దాటిపోతారు. మరో సంగతి, సూర్యుడు పైకి వచ్చే కొద్దీ వెలుతురు నిమిషాల్లో మారుతుంది. ఎక్స్‌పోజర్‌ను ఆటోలో వదిలితే మధ్యలో చిత్రం ఒక్కసారి తగ్గి మళ్ళీ పెరుగుతుంది. అది మీ క్లిప్‌లో లేకపోతే `locked exposure` అని రాయండి. ఉంటే ఆ భాగాన్ని కత్తిరించి మిగిలినదానికి వివరణ రాయండి.

ఫ్రేము వేగాన్ని కచ్చితంగా రాయాలి. 25, 29.97, 23.976 వేర్వేరు, వాటిని గుండుగుత్తగా 24 అనో 30 అనో రాయడం ఎడిటర్‌ను తప్పుదారి పట్టిస్తుంది. 50 లేదా 60 ఫ్రేములతో తీసినదాన్ని నెమ్మదింపజేసి 25లో ఎగుమతి చేసి ఉంటే ఆ మాట కూడా చెప్పాలి, ఎందుకంటే పొగమంచు కదలికను బట్టి అనుభవమున్నవారు దాన్ని ఎలాగూ పసిగడతారు.

ఎత్తు విషయంలో కొంచెం నిలిచి ఆలోచించాలి. డీజేఐ డ్రోన్‌లలో వీడియో సబ్‌టైటిళ్ళ ఆప్షన్ ఆన్ చేసి ఉంచితే, ప్రతి క్లిప్ పక్కన అదే పేరుతో ఒక ఎస్ఆర్‌టీ ఫైలు తయారవుతుంది. అందులో ఇలాంటి వరుసలు ఉంటాయి.

```
[iso: 100] [shutter: 1/50.0] [fnum: 2.8]
[rel_alt: 30.200 abs_alt: 341.500]
```

ఇక్కడ `rel_alt` అంటే డ్రోన్ పైకి లేచిన చోటు నుంచి ఎత్తు. కెమెరా కింద ఉన్న నేల నుంచి కాదు. లోయ అడుగు కంటే 60 మీటర్లు పైనున్న గట్టు మీద నుంచి డ్రోన్ ఎగరవేసి, లోయ మీదికి పోనిస్తే, ఫైలు 30 అని చూపిస్తున్నా కింద ఉన్న చేల నుంచి అది దాదాపు 90 మీటర్లు. ‘30 మీటర్ల ఎత్తు నుంచి’ అన్న వివరణ చదివి వచ్చిన ఎడిటర్‌కు చెట్లు తాననుకున్న దానికంటే మూడో వంతు పరిమాణంలో కనిపిస్తాయి. సముద్ర మట్టం నుంచి చెప్పే `abs_alt` కూడా పదుల మీటర్లు తేడా చూపవచ్చు. సమతలం మీద ఎగరవేసినప్పుడు తప్ప సంఖ్య రాయవద్దనీ, ‘చెట్ల కొనలకు కొద్దిగా పైన’, ‘లోయ మొత్తం కనిపించేంత ఎత్తులో’ అని రాయమనీ నా సలహా. కీవర్డుగా అయితే `low altitude` లేదా `high angle` సరిపోతుంది.

వివరాలను ఎక్కడ దాచాలి?

ఫైలు పేరులో, ఫైలు లోపలి మెటాడేటాలో, పక్కనున్న ఎస్ఆర్‌టీలో ఈ వివరాలు ఉంచవచ్చు. లోపలి మెటాడేటా పద్ధతిగా కనిపిస్తుంది కానీ, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి మళ్ళీ ఎగుమతి చేసినప్పుడు స్థలం వివరాలు చాలాసార్లు పోతాయి, తయారైన సమయం కూడా ఎగుమతి చేసిన సమయంగా మారిపోతుంది. ఎస్ఆర్‌టీ నమ్మకమైనది, అయితే క్లిప్ పేరు మార్చి దాని పేరు మార్చకపోతే రెండింటి మధ్య సంబంధం తెగిపోతుంది. ఫైలు పేరు మాత్రం ఎక్కడికి కాపీ చేసినా వెంట వస్తుంది. అందుకే ముఖ్యమైన నాలుగైదు సంగతులను పేరులోనే పెట్టి, అసలు ఫైలునూ ఎస్ఆర్‌టీనీ మార్చకుండా ఒక చోట భద్రపరచడాన్ని నేను ఎంచుకుంటాను.

```
20240514_0558_val-dorcia_mist-green-wheat_push-in_25p_log.mp4
```

ఇందులో స్థానిక సమయాన్ని, అంటే సరిచూసుకున్న సమయాన్ని వాడాను. ఈ ఒక్క వరుస నుంచి యాత్రికుడి వివరణ, ఎడిటర్ వివరణ రెండూ రాయవచ్చు. యాత్రికుడికి: మే 14న, సూర్యోదయమైన పది నిమిషాల లోపు, సాన్ క్విరికో దోర్చా సమీపంలో ఈశాన్యం వైపు చూస్తూ తీసినది, గోధుమ చేలు ఇంకా పచ్చగా ఉన్నాయి, లోయలో పొగమంచు ఉంది, అది అన్ని ఉదయాలూ ఉండదు. ఎడిటర్‌కు: నెమ్మదిగా ముందుకు సాగే ఏకైక కదలిక, సూర్యుడు కుడి పక్కన, ఎడమ పై భాగంలో అక్షరాలు వేసుకోవడానికి ఖాళీ ఆకాశం, 25 ఫ్రేములు, 10 బిట్ లాగ్, ఎక్స్‌పోజర్ స్థిరం, దూరంగా గుర్తుపట్టగలిగే ప్రైవేటు ఇల్లు ఉంది.

చివరి సంగతిని దాచకూడదు. ఇల్లు గుర్తుపట్టేలా ఉంటే వాణిజ్య ప్రకటనలకు యజమాని అనుమతి పత్రం అవసరం కావచ్చు. అది లేనప్పుడు క్లిప్‌ను ఎడిటోరియల్ విభాగంలో ఇవ్వడం ఒక దారి, ఇల్లు ఫ్రేములోకి రాకముందే క్లిప్‌ను ముగించడం మరో దారి. ఎడిటోరియల్ ఎంచుకుంటే శీర్షిక రూపం మారుతుంది. స్థలం, తేదీ ముందు వచ్చి, ఆ తరువాత కనిపించేదాన్ని విశేషణాలు లేకుండా చెప్పాలి. మన 22 సెకన్లలో ఇల్లు 15వ సెకను తరువాతే స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి, మొదటి 14 సెకన్లను వాణిజ్య క్లిప్‌గా, పూర్తి నిడివిని ఎడిటోరియల్‌గా ఇస్తాను. యాత్రికుల వీడియోలో మాత్రం ఇంటిని ఉంచి, దాని పేరును వదిలేస్తాను.